ఒకే మెయిలుకు రెండు జవాబులు వెళ్లకుండా: ఓఎస్‌టికెట్ లాక్‌ను మూడేళ్లు వాడాక

సపోర్ట్ మెయిళ్లకు జవాబులిచ్చే పనికి వాడే ఓఎస్‌టికెట్ సాఫ్ట్‌వేర్ గురించి రాసేవారు సాధారణంగా అది ఉచితమని, సొంత సర్వరులో పెట్టుకోవచ్చని, తెర కొంచెం పాతకాలపు వాసన వేస్తుందని చెప్పి ముగిస్తారు. మూడూ నిజమే. నేను ఇక్కడ రాయబోయేది ఒక్క సంగతి గురించే. అందరూ కలిసి వాడే సపోర్ట్ మెయిల్‌బాక్స్‌లో ఇద్దరు ఒకే ఉత్తరానికి జవాబివ్వకుండా ఇది ఎలా ఆపుతుంది, ఎక్కడ ఆపలేకపోతుంది అన్నది. మూడేళ్లకు పైగా దాదాపు రోజూ వాడాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఇందులోని లాక్ బాగానే పనిచేస్తుంది, అయితే దాని పని మనం అనుకునేదానికంటే చాలా చిన్నది. ఆ సంగతి తెలియకపోతే లాక్ ఉందన్న ధైర్యంతోనే రెండేసి జవాబులు వెళ్లిపోతాయి.

మాది బేగంపేటలో చిన్న సంస్థ. దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. రాణిగంజ్ మోటారు పంపుల షాపులు, బేగంబజార్ టోకు వ్యాపారులు, కోఠి మందుల ఏజెన్సీలు మా ఖాతాదారులు. సపోర్ట్‌లో ఐదుగురం. మామూలు రోజుల్లో వచ్చే మెయిళ్లకు ఇద్దరు చాలు, ఎవరు దేనికి జవాబిస్తున్నారో కుర్చీ తిప్పి అడిగితే సరిపోతుంది. కానీ అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 దాఖలుకు నెలలో 11వ తేదీ, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్‌టీఆర్-3బికి 20వ తేదీ గడువు. ఆ తేదీలకు ముందు రోజు మధ్యాహ్నం నుంచి అకౌంటెంట్లందరికీ ఒకేసారి సందేహాలు పుడతాయి. ఐదుగురమూ అదే మెయిల్‌బాక్స్ మీద పడతాం. జంట జవాబులు పుట్టేది సరిగ్గా అప్పుడే.

దీనికి ముందు మేము చేసింది చాలామంది చేసేదే. ఒక మెయిల్ ఖాతా, ఒకటే పాస్‌వర్డు, ఐదు కంప్యూటర్లు. బొద్దు అక్షరాల్లో కనిపిస్తే ఎవరూ చూడలేదని, మామూలు అక్షరాల్లో ఉంటే ఎవరో చూసుకుంటున్నారని లెక్క. ఈ లెక్కలోనే లోపం ఉంది. ఉత్తరాలను సర్వరులోనే ఉంచి చదివే ఐమ్యాప్ పద్ధతిలో, చదివినట్టు గుర్తు ఉత్తరానికి ఒక్కటే ఉంటుంది, మనిషికొకటి ఉండదు. ఒకరు తెరిస్తే అందరికీ చదివినట్టే కనిపిస్తుంది. ఎవరు తెరిచారో, జవాబు రాస్తున్నారో, ఊరికే చూసి వదిలేశారో ఆ గుర్తు చెప్పదు. కొందరు జాగ్రత్తపరులు చదివాక మళ్లీ చదవనట్టు గుర్తు పెడతారు, తర్వాత తీరిగ్గా రాద్దామని. ఆ జాగ్రత్తే రెండో మనిషిని పిలిచి జవాబు రాయిస్తుంది.

రెండు జవాబులు వెళితే నష్టమేమిటి, మర్యాదగా క్షమాపణ చెబితే పోతుంది కదా అనుకునేవారి కోసం ఒక సంగతి చెబుతాను. రాణిగంజ్ షాపు అకౌంటెంట్ ఒకాయన రాశారు: ఒక పంపు బిల్లులో పన్నుకు ముందు విలువ 40,000 రూపాయలు ఉండాలి, పొరపాటున 50,000 పడింది, జీఎస్‌టీఆర్-1 కూడా దాఖలైపోయింది, ఇప్పుడేం చేయాలి? మా సీనియర్ ఒకరు బిల్లు విలువ తగ్గించే క్రెడిట్ నోట్ 10,000కు వేయమని రాశారు. ఆరేడు నిమిషాల తేడాతో ఇంకొకరు, బిల్లునే 40,000కు సవరించండి, వచ్చే నెల జీఎస్‌టీఆర్-1లో అది సవరణల పట్టికలోకి వెళుతుంది అని రాశారు. విడివిడిగా చూస్తే రెండూ చెల్లే దారులే. ఆయన రెండు ఉత్తరాలనూ ఒకే జవాబులోని రెండు మెట్లు అనుకున్నారు. బిల్లు సవరించారు, క్రెడిట్ నోట్ కూడా వేశారు. అమ్మకం 30,000కు దిగింది, 18 శాతం లెక్కన పన్ను 1,800 రూపాయలు తక్కువ చూపించినట్టయింది. సరుకు కొన్నవారికి వారి కొనుగోళ్లు చూపించే జీఎస్‌టీఆర్-2బిలో అంకె కలవక వారు ఫోను చేసేదాకా ఎవరికీ తెలియలేదు. జంట జవాబుల్లో ప్రమాదం ఇలాంటిదే. రెండూ ఒకటే చెబితే నవ్వి ఊరుకుంటారు, రెండు వేర్వేరు సరైన మాటలు చెబితేనే లెక్క చెడుతుంది.

ఇక ఓఎస్‌టికెట్ సంగతికి వస్తే, వచ్చిన ప్రతి మెయిలునూ ఇది ఒక టికెట్‌గా మారుస్తుంది. ఎవరైనా టికెట్ తెరిచినప్పుడో, జవాబు రాయడం మొదలుపెట్టినప్పుడో దాని మీద లాక్ పడుతుంది. రెండో మనిషి అదే టికెట్‌కు వస్తే, ఇది ఫలానా వారి లాక్‌లో ఉందని పైన కనిపిస్తుంది. పట్టించుకోకుండా జవాబు రాసి పంపబోతే పంపనివ్వదు. టికెట్ల జాబితాలో కూడా లాక్ పడిన వాటి పక్కన చిన్న గుర్తు ఉంటుంది. మార్కెట్లో దొరికే కొన్ని హెల్ప్‌డెస్క్‌లు ఫలానా వారు చూస్తున్నారు, ఫలానా వారు టైపు చేస్తున్నారు అని చెప్పి ఊరుకుంటాయి, పంపడం మన ఇష్టానికే వదిలేస్తాయి. ఇది ఒక మెట్టు ఎక్కువ కఠినం. హడావిడి రోజుల్లో నాకు ఈ కఠినత్వమే నచ్చింది. ఆ వేళ ఎవరూ పైనున్న పసుపు పట్టీ చదవరు.

అయితే లాక్‌కు కాలపరిమితి ఉంటుంది. బస్సు సీటు మీద చేతిరుమాలు వేసి దిగినట్టు అనుకోండి. కాసేపు అందరూ గౌరవిస్తారు, ఎంతకూ రాకపోతే తీసి కూర్చుంటారు. ఏ కదలికా లేకుండా ఎన్ని నిమిషాలు లాక్ నిలవాలో అడ్మిన్ సెట్టింగుల్లో మనమే అంకె ఇవ్వాలి. సున్నా ఇస్తే లాక్ అన్నదే ఉండదు. జవాబు పెట్టెలో టైపు చేస్తూ ఉంటే గడువు పొడిగిస్తూ పోతుంది. చేతులు ఆగిపోతే గడువు దగ్గర పడుతోందని, పొడిగించాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగేవేళకు మనిషి కుర్చీలో ఉండకపోతే లాక్ పోతుంది.

మా ఇబ్బందులన్నీ ఈ అంకె చుట్టూనే తిరిగాయి. మొదట 3 నిమిషాలు పెట్టుకున్నాం. పన్ను ప్రశ్నకు జవాబు 3 నిమిషాల్లో రాయలేము. టికెట్ చదివి, ఖాతాదారుకు ఫోను చేసి బిల్లు నంబరు కనుక్కుని, పక్క గదిలో ఉన్న అకౌంట్స్ ఆయనను అడిగి వచ్చి అప్పుడు రాస్తాం. ఈ పనులేవీ కీబోర్డు మీద జరగవు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు అది నిశ్శబ్దమే. 20వ తేదీన జరిగిన వరుస ఇలా ఉంది: నాలుగు పదికి ఒకరు టికెట్ తెరిచి ఫోనులో మాట్లాడుతూ ఉండిపోయారు. నాలుగు పదమూడుకు లాక్ జారిపోయింది. నాలుగు పదిహేనుకు ఇంకొకరు అదే టికెట్ తెరిచారు. వారికి ఏ హెచ్చరికా కనిపించలేదు, వారి పేరున కొత్త లాక్ పడింది, రెండు వాక్యాల్లో జవాబు పంపి బయటకు వచ్చేశారు. మొదటి ఆయన ఫోను పెట్టేసి తన తెర చూశారు. అందులో ఇంకా నాలుగు పదికి ఉన్న ఉత్తరాలే ఉన్నాయి. టైపు చేయడం మొదలుపెట్టగానే, ఖాళీగా ఉన్న టికెట్ మీద మళ్లీ ఆయన లాక్ పడింది. రెండో జవాబు ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయింది.

ఇక్కడ లాక్ తన ధర్మం తప్పలేదు. ఒక క్షణంలో ఒక్కరే రాయాలన్నది దాని నియమం, ఇద్దరూ వేర్వేరు క్షణాల్లోనే రాశారు. కానీ ఖాతాదారుకు జవాబులు రెండు వెళ్లాయి. మనం అడుగుతున్నది ఒక మెయిలుకు ఒకే జవాబు, లాక్ ఇస్తున్నది ఒక సమయంలో ఒకే చేయి. ఈ రెంటి మధ్య దూరం ఎంతో ఆ పది నిమిషాలే చూపించాయి.

అంకె పెంచితే సరిపోతుందని 30 నిమిషాలకు మార్చాం. అప్పుడు తిప్పలు ఇంకో వైపు నుంచి వచ్చాయి. ఒకరు ట్యాబ్ తెరిచి ఉంచే ల్యాప్‌టాప్ మూసి భోజనానికి వెళితే, ఆ టికెట్ అరగంట ఎవరికీ అందదు. గడువు సాయంత్రం ఖాతాదారు ఫోనులో అరుస్తుంటే, జవాబు తెలిసి కూడా పంపలేక కూర్చోవడం మంచి అనుభవం కాదు. చివరికి 10 నిమిషాల దగ్గర నిలిచాం. ఇది మా ఫోను సంభాషణల నిడివిని బట్టి తేలిన అంకె. పాస్‌వర్డు మార్చి ఇచ్చే తరహా సపోర్ట్‌కు 3 నిమిషాలే ఎక్కువ కావచ్చు.

అంకె కంటే పెద్ద తేడా తెచ్చిన సెట్టింగు ఇంకొకటి ఉంది, తెర మీద Lock Semantics అన్న పేరుతో కనిపిస్తుంది. `Lock on view` ఎంచుకుంటే టికెట్ చూడగానే లాక్ పడుతుంది. `Lock on activity` ఎంచుకుంటే రాయడం మొదలుపెట్టాకే పడుతుంది. వినడానికి మొదటిదే భద్రంగా అనిపిస్తుంది, మేమూ దానితోనే మొదలుపెట్టాం. మా టీమ్ లీడర్‌కు ఉదయం రాగానే పదిహేను, ఇరవై టికెట్లు వరుసగా కొత్త ట్యాబుల్లో తెరిచి చూసే అలవాటు. ఆయన ఒక్క జవాబూ రాయరు, ఎవరి పని ఎంత ఉందో అంచనా వేసుకుంటారు, అంతే. కానీ ఆయన టీ తాగేదాకా ఆ టికెట్లన్నీ ఆయన పేరునే లాక్ అయి ఉండేవి. ఉదయం పూట రాయగలిగినవారందరూ చేతులు కట్టుకుని కూర్చునేవారు. అధికారి చూడటానికీ, ఉద్యోగి రాయడానికీ తేడా తెలియని లాక్ మాకు పనికిరాదని రెండోదానికి మారాం. అప్పుడు చదవడానికీ రాయడానికీ మధ్య సమయం పూర్తిగా తెరిచిన తలుపైంది.

ఆ సమయాన్ని కాపాడేది లాక్ కాదు, క్లెయిమ్. టికెట్‌ను నాది అని ప్రకటించే బటన్ అది. లాక్‌కు గడువు ఉంటుంది, క్లెయిమ్‌కు ఉండదు. ఫోనులో మాట్లాడినా, భోజనానికి వెళ్లినా, ఇంటికి వెళ్లి మర్నాడు వచ్చినా టికెట్ మన పేరునే ఉంటుంది. వేరేవారు తెరిస్తే ఇది ఫలానా వారికి కేటాయించినదని కనిపిస్తుంది. అయితే అది హెచ్చరిక మాత్రమే, గోడ కాదు. కావాలనుకుంటే జవాబు రాయవచ్చు. మాకు అలాగే కావాలి, సెలవులో ఉన్నవారి టికెట్ మీద కూర్చోలేము కదా.

ఇక్కడ ఒక సెట్టింగు చాలామందిని మోసం చేస్తుంది. జవాబిచ్చినవారికి టికెట్ తనంతట తాను కేటాయించే సదుపాయం ఉంది. అది ఆన్ చేస్తే క్లెయిమ్ నొక్కే శ్రమ తప్పుతుందని అనిపిస్తుంది. కానీ అది పనిచేసేది జవాబు వెళ్లాక. అంటే ఖాతాదారు రెండోసారి రాసినప్పుడు ఆ సంభాషణ ఎవరిదో తెలుస్తుంది, అందుకు చాలా మంచిది. మొదటి ఉత్తరానికి ఇద్దరు పరుగెత్తే సమస్య మాత్రం అలాగే ఉంటుంది. మా జంట జవాబుల్లో అత్యధికం మొదటి ఉత్తరాల మీదే వచ్చాయి. అందుకని ఆటోమేటిక్ కేటాయింపు ఉంచుకుంటూనే, చదివే ముందు క్లెయిమ్ నొక్కాలని కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరికీ కేటాయించని టికెట్లు మాత్రమే కనిపించే జాబితా ఒకటి విడిగా తయారుచేసి, అందరి తెర మీద మొదట అదే తెరుచుకునేలా చేశాం. క్లెయిమ్ నొక్కగానే టికెట్ ఆ జాబితాలోంచి మాయమవుతుంది. కంటికి కనబడనిదానికి ఎవరూ జవాబు రాయరు. నా దృష్టిలో ఈ ఒక్క జాబితా చేసిన మేలు లాక్ సెట్టింగులన్నీ కలిపి చేయలేదు.

క్లెయిమ్ చేసి మరిచిపోయేవారు ఉంటారు, అది దీనికి చెల్లించే మూల్యం. మాలో ఒకరికి పది టికెట్లు ముందే తన పేరున వేసుకుని, ఒక్కొక్కటిగా నమిలే అలవాటు. జంట జవాబులు రావు, కానీ పదో ఖాతాదారు సాయంత్రం దాకా ఎదురుచూస్తాడు. ఒకరి పేరున ఒక సమయంలో మూడుకు మించి తాజా టికెట్లు ఉండకూడదని టీమ్ లీడర్ చెప్పాక తగ్గింది. ఇది సాఫ్ట్‌వేర్ చూసుకోదు, మనిషే చూడాలి.

లాక్‌కూ క్లెయిమ్‌కూ కూడా దొరకని దారి ఒకటుంది, అది పాత పాస్‌వర్డు. ఓఎస్‌టికెట్ పెట్టాక కూడా ఆ మెయిల్ ఖాతా ఇద్దరి ఫోన్లలో తెరిచే ఉంది. మెట్రోలో ఇంటికి వెళుతూ ఒకరు ఫోనులోంచే నేరుగా జవాబిచ్చేవారు. టికెట్‌లో ఆ జవాబు ఉండదు, లాక్ పడదు, ఆఫీసులో ఉన్నవారికి టికెట్ తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది, వారూ రాస్తారు. దీన్ని పట్టుకునే గుర్తు చెబుతాను. ఖాతాదారు తిరిగి రాసినప్పుడు అడుగున మన పాత జవాబు కోట్ అయి వస్తుంది కదా. అక్కడున్న మన మాటలు టికెట్‌లో ఎక్కడా కనిపించకపోతే, ఎవరో పక్కదారిన రాశారన్నమాట. మేము మెయిల్ ఖాతా పాస్‌వర్డు మార్చి, దాన్ని సర్వరు చూసే ఒక్కరికే ఇచ్చాం. మనుషులు లాగిన్ అయ్యేది టికెట్ల తెరకే, మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయ్యేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. మొదటి వారం గొణుగుడు వినబడింది, తర్వాత అలవాటైంది.

అన్నిటికంటే మొండి సమస్య మాత్రం ఒకే ప్రశ్న రెండు టికెట్లుగా రావడం. లాక్ అయినా క్లెయిమ్ అయినా టికెట్ మీద పడేవి, ప్రశ్న మీద కాదు. వచ్చిన మెయిల్ పాత టికెట్‌కు చెందినదా, కొత్తదా అన్నది మెయిల్ లోపల దాగి ఉండే In-Reply-To, References వరుసలను బట్టీ, సబ్జెక్టులో ఉండే టికెట్ నంబరును బట్టీ తేలుతుంది. అకౌంటెంట్ రిప్లై నొక్కి రాస్తే ఇవన్నీ వస్తాయి. కానీ మా ఖాతాదారులు కంగారులో కొత్త మెయిల్ మొదలుపెట్టి, అదే సంగతి మళ్లీ రాసి పంపుతారు. అకౌంటెంట్ ఒకసారి, షాపు యజమాని తన ఖాతా నుంచి ఒకసారి రాస్తారు. సాఫ్ట్‌వేర్‌కు అవి సంబంధం లేని రెండు టికెట్లు. ఇద్దరు ఉద్యోగులు నియమం తప్పకుండా చెరొకటి క్లెయిమ్ చేసి, చెరొక జవాబు ఇస్తారు. రాణిగంజ్ కథ ఇప్పుడు మళ్లీ జరిగితే ఈ దారినే జరుగుతుంది.

ఒకే చిరునామా నుంచి వచ్చినవైతే, ఆ ఖాతాదారుకు ఇంకా తెరిచి ఉన్న టికెట్లు ఏమున్నాయో చూసి, రెండింటినీ కలిపేయవచ్చు, కొత్త వెర్షన్లలో అందుకు సదుపాయం ఉంది. చిరునామాలు వేరైతే సాఫ్ట్‌వేర్‌కు దారి తెలియదు. అందుకని మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచే సహాయం కోరే బటన్ పెట్టి, సబ్జెక్టులో ఖాతాదారు సంఖ్య తనంతట తాను పడేలా చేశాం. జవాబు రాసే ముందు ఆ సంఖ్యతో ఒకసారి వెతికితే జంట టికెట్ దొరుకుతుంది. నేరుగా మెయిల్ రాసేవారి విషయంలో ఇది పనిచేయదు, వారి కోసం షాపు పేరుతో వెతకడమే.

ఇవన్నీ పెట్టుకున్నాక నిజంగా తగ్గాయా లేదా అన్నది నమ్మకం మీద వదలకుండా, ప్రతి నెల 21న డేటాబేస్‌ను అడుగుతాను. ఓఎస్‌టికెట్ ప్రతి ఉత్తరాన్నీ ఒక పట్టికలో రాస్తుంది. ఖాతాదారు మాటకు M, మన జవాబుకు R, లోపలి నోట్‌కు N అన్న గుర్తు ఉంటుంది. ఒకే టికెట్‌లో అరగంట లోపు ఇద్దరు వేర్వేరు ఉద్యోగులు ఇచ్చిన జవాబులు కావాలంటే:

```sql
SELECT a.thread_id, a.staff_id, a.created,
       b.staff_id, b.created
FROM ost_thread_entry a
JOIN ost_thread_entry b
  ON b.thread_id = a.thread_id AND b.id > a.id
WHERE a.type = 'R' AND b.type = 'R'
  AND a.staff_id <> b.staff_id
  AND b.created < a.created + INTERVAL 30 MINUTE;
```

పట్టికల పేర్ల ముందు ost_ కాకుండా వేరే ముద్ర పెట్టుకున్నవారు దాన్ని మార్చుకోవాలి. వచ్చిన ప్రతి వరుసా తప్పు కాదు. మధ్యలో ఖాతాదారు కొత్త ప్రశ్న వేసి ఉండవచ్చు, సీనియర్ కావాలనే ఒక వాక్యం చేర్చి ఉండవచ్చు. కాబట్టి ఒక్కొక్కటి తెరిచి చూస్తాను. విడి టికెట్లుగా వచ్చిన జంట ప్రశ్నలు ఇందులో పడవన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొదట్లో ఈ జాబితా తెర దాటి కిందికి పోయేది. ఇప్పుడు కొన్ని నెలలు ఖాళీగానే వస్తుంది, వచ్చినప్పుడు ఒకటో రెండో ఉంటాయి. ఆ ఒకటి రెండూ దాదాపు ఎప్పుడూ ఒకే రకం: ఎవరో ఉదయం తెరిచిన ట్యాబ్‌లోంచి మధ్యాహ్నం రాసిన జవాబు.

నాకు ఇందులో లేక లోటనిపించేది అదే. పంపు బటన్ నొక్కిన క్షణంలో, మీరు ఈ పేజీ తెరిచాక ఇంకో జవాబు వెళ్లింది, చూసి పంపండి అని ఆపే తనిఖీ ఉంటే పాత ట్యాబ్ బాధ తీరిపోయేది. కొన్ని చెల్లింపు హెల్ప్‌డెస్క్‌లలో ఇది ఉంది. ఐదుగురికి నెలనెలా మనిషికింత అని కట్టడం మా యజమానికి ఇష్టం లేదు, సర్వరు చూసుకునే మనిషి మాకు ఎలాగూ ఉన్నారు. అందుకే దీనితోనే ఉన్నాం. పాత ట్యాబ్‌లో రాయబోయే ముందు పేజీని ఒకసారి రిఫ్రెష్ చేయమని కొత్తగా చేరేవారికి మొదటి రోజే చెబుతాం. ఇద్దరు ముగ్గురే ఉండి ఒకే గదిలో కూర్చునేవారికి ఇంత ఏర్పాటు అవసరం లేదు. వేర్వేరు అంతస్తుల్లోనో, ఇంటి నుంచో పనిచేసే నలుగురైదుగురు ఉంటే, లాక్ 10 నిమిషాలు, `Lock on activity`, కేటాయించని టికెట్ల జాబితా, మెయిల్ ఖాతా పాస్‌వర్డు మార్పు, ఈ నాలుగూ మొదటి రోజే చేసుకుని మొదలుపెట్టమంటాను.